ఫిబ్రవరిలో వచ్చిన డబ్బుకు జూన్ నుంచి వడ్డీయా?

విజయనగరంలో ఉంటూ పైడిభీమవరం ఫ్యాక్టరీలకు భద్రతా తనిఖీలు చేసే ఒక ఇంజినీరును ఊహించుకోండి. డబ్బు చేతికి అందినప్పుడే ఆదాయంగా రాసుకుంటాడు. పరికరాలు, సహాయకులు, ప్రయాణాలు కలిపి ఖర్చు రాబడిలో సగం దాటుతుంది. అందుకే సగం రాబడిని లాభంగా చూపి, మార్చిలో ఒకేసారి ముందస్తు పన్ను కట్టే వెసులుబాటు అతనికి గిట్టుబాటు కాదు. ఏడాది పన్నును ముందే అంచనా వేసి నాలుగు వాయిదాల్లో కట్టడమే దిక్కు.

చెల్లించేవారు ముందే మినహాయించే టీడీఎస్ పోగా ఏడాదికి రూ.80,000 పన్ను పడుతుందని జూన్‌లో లెక్క వేశాడు. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45 శాతం, డిసెంబరు 15కి 75 శాతం, పాతవాటితో కలిపి, పూర్తయ్యేలా నిబంధన ప్రకారమే కట్టాడు. ఆగస్టులో చేసిన ఒక పెద్ద పని బిల్లు ఫిబ్రవరిలో గానీ రాలేదు. దానితో పన్ను రూ.2 లక్షలకు చేరింది. మిగిలిన రూ.1,40,000 మార్చి 15 లోపే కట్టేశాడు. రూపాయి బాకీ లేదు.

అయినా వడ్డీ పడుతుంది. ఎందుకంటే వాయిదాలను కొలిచేది అప్పటి అంచనాతో కాదు, చివరికి తేలిన రూ.2 లక్షలతో. జూన్‌లో కట్టాల్సింది రూ.30,000, కట్టింది రూ.12,000. ఆ తేడాపై నెలకు ఒక శాతం చొప్పున మూడు నెలలకు రూ.540. సెప్టెంబరుకు రూ.1,620, డిసెంబరుకు రూ.2,700. మొత్తం రూ.4,860. మొదటి రెండు వాయిదాల్లో 12, 36 శాతం కట్టినా చాలన్న సడలింపు ఉంది గానీ, ఇంత పెద్ద తేడాకు అది ఆనదు.

ఖజానాకు ఏడాది పొడవునా డబ్బు కావాలి, సడలిస్తే అందరూ మార్చి దాకా ఆగుతారు అంటారు. మరి షేర్ల లాభాలకు, డివిడెండ్లకు, లాటరీకి సడలింపు ఎలా ఇచ్చారు? అవి ముందే ఊహించలేనివని, వచ్చాక మిగిలిన వాయిదాల్లో కడితే వడ్డీ వేయరు. లాటరీ తగిలినవాడికి ఉన్న మన్నన చెమటోడ్చినవాడికి ఎందుకు లేదు? చెల్లింపు ఏ తేదీన అందిందో బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది. దొంగలెక్కలకు తావెక్కడ?

అసలు అన్యాయం ఇంకా లోతుగా ఉంది. ఆరు నెలలు ఆ డబ్బును అట్టిపెట్టుకున్నది ఫ్యాక్టరీ, వడ్డీ కట్టింది ఇంజినీరు. చిన్న సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సేవాదారుకు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో చెల్లించాలని, లేకుంటే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. కానీ అడిగితే మరుసటి ఏడాది పని పోతుంది. అందుకే చాలామంది అడగరు. పన్ను వడ్డీని మాత్రం రిటర్ను వేసేటప్పుడు కంప్యూటరే లెక్కగట్టి చూపిస్తుంది. ఆలస్యపు బిల్లు వడ్డీని కూడా అలాగే, ఎవరూ నోరు తెరవనక్కర లేకుండా, చెల్లించేవారి ఖాతాలో వేసే ఏర్పాటు కావాలి.