రింగు మోగగానే నెట్ పోతే కొత్త మోడెం కొనమంటారా?

ఈ రోజు మళ్లీ అదే మాట. "మోడెం పాతదైపోయిందండీ, కొత్తది కొనుక్కోండి." వెనక గదిలో అమ్మ ల్యాండ్‌లైన్ ఫోను ఎత్తిన ప్రతిసారీ అదే తీగ మీద వచ్చే డీఎస్ఎల్ నెట్ తెగిపోతోందని నేను మొత్తుకుంటుంటే, వచ్చిన లైన్‌మన్ ఆ గది వైపు తొంగి కూడా చూడలేదు. నేరుగా మోడెం పేజీ తెరిచి, నెట్ కంపెనీ ఇచ్చే కనెక్షన్ అంకెలు వీపీఐ 0, వీసీఐ 35 అని మళ్లీ కొట్టి, రీసెట్ చేసి వెళ్లిపోయారు. ఆ అంకెలు అంతకుముందు కూడా అవే!

మోడెం మీద డీఎస్ఎల్ దీపం నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్ దీపం మాత్రం రాకపోతే, అప్పుడు వీపీఐ, వీసీఐ, పాస్‌వర్డ్ చూడాలి. ఫోను ఎత్తగానే డీఎస్ఎల్ దీపమే ఆరిపోయి మిణుకుమంటోందంటే గొడవ తీగలో ఉన్నట్టు. ఇంత చిన్న విషయం ఈ పని చేసేవాళ్లకు ఎవరూ నేర్పరా?

మన మాటలు వెళ్లేది 4 కిలోహెర్ట్‌జ్ లోపు. నెట్ నడిచేది దాదాపు 25 కిలోహెర్ట్‌జ్ నుంచి పైన. రెండూ ఒకే రాగి తీగ మీద ఉంటాయి కాబట్టి, మాటనూ నెట్‌నూ వేరుచేసే ఫిల్టర్ ప్రతి ఫోనుకూ ముందు ఉండాలి. లేకపోతే ఫోను ఎత్తినా, రింగు వచ్చినా ఆ కుదుపు నెట్ సిగ్నల్‌కు తగులుతుంది. మా ఇంట్లో హాలు ఫోనుకు స్ప్లిటర్ ఉంది, ఆ ఫిల్టర్ దానిలోనే ఉంటుంది. వెనక గదికి వెళ్లే ప్యారలల్ తీగను మాత్రం కనెక్షన్ ఇచ్చిన రోజునే, బయటి తీగ ఇంట్లోకి వచ్చి చేరే రోసెట్ బాక్సులో, స్ప్లిటర్‌కు ముందే కలిపేశారు. ఆ ఫోనుకు ఫిల్టర్ అనేదే లేదు.

ఆయన వెళ్లాక ఫోన్లన్నీ పీకేసి, మోడెంను రోసెట్‌కు నేరుగా పెట్టి మోడెం పేజీ 192.168.1.1 తెరిచాను. రొదను తట్టుకోవడానికి సిగ్నల్‌కు ఎంత మిగులు ఉందో చెప్పే ఎస్ఎన్ఆర్ మార్జిన్ 13 డెసిబెల్స్. వెనక గది ఫోను తగిలించి ఎత్తితే 5కు పడి, కాసేపట్లో లైను తెగింది. 6 కంటే తగ్గితే లైను నిలవడం కష్టం. రోసెట్ తీగను స్ప్లిటర్ లైన్ రంధ్రంలో, మోడెంను మోడెం రంధ్రంలో పెట్టి, వెనక గది తీగను ఫోన్ రంధ్రం వైపు మార్చాను. అమ్మ ఇప్పుడు పిన్నితో గంటసేపు మాట్లాడినా దీపం కదలడం లేదు. ఇదే పని వాళ్లు చేయడానికి ఒక్క స్క్రూడ్రైవర్ చాలు. దానికి బదులు నన్ను కొత్త మోడెంకు డబ్బు పెట్టమన్నారు.

అసలు నా కోపం ఈ స్ప్లిటర్‌తో మొదలైంది కాదు. మా వీధి స్తంభం మీది జాయింటుకు ఏళ్లుగా పాలిథిన్ సంచి చుట్టి వదిలేశారు. వాన పడితే నీళ్లు దిగి ఫోనులో గరగరమని చప్పుడు, నెట్ నత్తనడక. ఇంట్లో ఎన్ని ఫిల్టర్లు పెట్టినా ఆ తడి పోదు. ఫిర్యాదు చేస్తే ఎండ కాసేదాకా ఆగి, లైను బాగుందని రాసి మూసేస్తారు. ఈసారి వాన కురుస్తుండగానే వచ్చి ఆ సంచి విప్పి చూడమనండి.