పది సెంట్లకు సాక్షి సంతకం

పర్లాకిమిడిలో కెమెరా కొన్నవాడి మొదటి ధర్మం మహేంద్రగిరి వైపు సూర్యోదయం తీయడం. నేనూ నలభై సూర్యోదయాలు తీసి, ఫొటోలు అమ్మే సైటులో పెట్టాను. అక్కడ సూర్యుడు అప్పటికే గుట్టలు గుట్టలుగా ఉదయించి ఉన్నాడు. ఒక్కటీ పోలేదు. అసలు గిరాకీ దేనికో తెలియడానికి ఏడాది పట్టింది: ఖాళీకి! ఓ మూల ఏదో వస్తువు, మిగతాదంతా సాదా గోడ. కొన్నవాడు ఆ గోడ మీద తన ప్రకటన రాసుకుంటాడు. తెల్ల కాగితం మీద నేను పరిచిన మూడు ఎండుమిరపకాయలే ప్రస్తుతం మా ఇంటి పెద్దదిక్కు.

మనుషులున్న ఫొటోలకూ గిరాకీ ఉందని, వీధి చివర పునుగులు వేసే పిన్నిని తీశాను. సైటువారు తిప్పి పంపారు. మోడల్ రిలీజ్ కావాలట. అంటే, తన బొమ్మను ప్రకటనల్లో వాడుకోవచ్చని, ఫొటోలో గుర్తుపట్టగలిగే ప్రతి మనిషీ సంతకం చేసిన అంగీకార పత్రం. అది లేకపోతే వార్తలకూ పాఠాలకూ పనికొచ్చే ఎడిటోరియల్ విభాగమే గతి.

సరే, మొహం వదిలేసి చేతులు మాత్రం తీశాను. మళ్లీ తిరిగొచ్చింది. ముంజేతి మీద చిన్నాన్న పేరు పచ్చబొట్టుగా ఉంది. మనిషిని పట్టివ్వడానికి మొహమే అక్కర్లేదు, పచ్చబొట్టు చాలు. ఆ పేరు చూసి పిన్నిని పోల్చుకోలేనివాడు మా వీధిలో లేడు కాబట్టి, నిబంధన సబబే.

పత్రం పట్టుకెళ్లాను.

"ఇల్లు రాయించుకుంటున్నావా నాయనా?" అంది పిన్ని.

సాక్షి సంతకం కూడా కావాలి. తీసినవాడే సాక్షి కాకూడదు గనుక పక్క కొట్టు శెట్టిగారిని పిలిచాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని ప్రతి వాక్యం చదివి, ఒకచోట వేలు పెట్టి ఆగారు.

"తగిన ప్రతిఫలం ముట్టినది, అని ఉంది. ముట్టిందా అమ్మా?"

ముట్టలేదు. నేను ఇరవై రూపాయలు పెట్టి ఒక ప్లేటు పునుగులు కొన్నాక ముట్టింది. శెట్టిగారు సంతకం చేశారు.

నెల తిరిగాక మొదటి డౌన్‌లోడ్ పడింది: 10 సెంట్లు. కొన్నవాడు నెలచందాదారు. అతని ఒక్కో డౌన్‌లోడ్‌కు పడే ధరలో నా వాటా 15 శాతం. ఏడాదిలో 100 డౌన్‌లోడ్లు దాటితే వాటా పెరుగుతుంది గానీ, జనవరి 1న వైకుంఠపాళిలో పాము మింగినట్టు మళ్లీ మొదటి గడికే. పైగా 25 డాలర్లు పోగైతే తప్ప పైసా చేతికి రాదు. 10 సెంట్ల చొప్పున 250 మంది కొనాలన్నమాట.

పిన్నికి శుభవార్త చెప్పాను.

"మన డబ్బుల్లో ఎంత?"

"పది రూపాయలకు కాస్త తక్కువ."

ఆమె బాణలిలోంచి నాలుగు పునుగులు తీసి, ఒక్క క్షణం ఆలోచించి, ఒకటి వెనక్కి వేసి పొట్లం కట్టింది.