టమోటాకు పొదుగు యాడుంది సామీ?

పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడిపోతుంది, రైతులు గంపలకు గంపలు రోడ్డు మీద పారబోస్తారు, టీవీల వాళ్ళు ఆ ఎర్రరోడ్డును డ్రోన్‌తో తీసుకుని పోతారు. ఆ తర్వాత ఎక్కడ్నుంచి ఊడిపడతాడో తెల్దు గానీ ఒకాయన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగుతాడు, అందులో ఒక పీపీటీ ఉంటుంది, దాని పేరు "టమోటాకు అమూల్ మోడల్", అంటే పాలరైతులు సొసైటీలు పెట్టుకుని అమూల్‌ను నిలబెట్టినట్ల టమోటా రైతులనూ చెయ్యమని. ధర పడిన ప్రతిసారీ ఇదే తంతు. ఉల్లిగడ్డ పడితే ఉల్లిగడ్డకు అమూల్ మోడల్, చీనీకాయ పడితే చీనీకి అమూల్ మోడల్. పంట మారుతుంది, స్లైడ్ల మీద ఫోటో మారుతుంది, ఎనుము మాత్రం అదే ఎనుము.

ఇది ఊరికే ల్యాప్‌టాపు పిల్లోళ్ళ సరదా అనుకునేరు. 2018 బడ్జెట్లో అరుణ్ జైట్లీ గారు పార్లమెంటులోనే చెప్పినారు, పాల సొసైటీలను దేశమంతా పరిచిన ఆపరేషన్ ఫ్లడ్ బాటలో ఆపరేషన్ గ్రీన్స్ అని, టమోటా ఉల్లి ఆలుగడ్డలకు, 500 కోట్లు. పాలకు పనిచేసింది కాబట్టి టమోటాకూ పనిచేస్తుంది. ఇంత గొప్ప తర్కం ముందర మనమెంత, మన బతుకెంత.

ఈమధ్య కర్నూల్లో ఒక ఏసీ హాల్లో అట్లాంటి మీటింగుకే పోయినా. స్లైడు మీద ఎడమపక్క ఎనుము, కుడిపక్క టమోటా, రెండింటి మధ్యన బాణం గుర్తు. "ప్రాబ్లం సేమ్, సొల్యూషన్ సేమ్" అన్నాడు బ్లేజరాయన. చప్పట్లు. నేను మాత్రం ఆ బాణం గుర్తు కాడనే ఆగిపోయినా, ఎందుకంటే నాకు మొత్తం కండ్ల ముందర కనపడతాంది. పొద్దున్నే ఐదింటికి తుగ్గలి పక్క పల్లెలో ఒకామె క్యాను చేతబట్టుకుని టమోటా చెట్టు దగ్గరికి పోతుంది, కాసేపు దువ్వుతుంది, చెట్టు చేపితేనే గదా కాయ దిగేది. సాయంత్రం పూట చెట్టు కొంచెం మొండికేస్తుంది, ముందర రెండు గుప్పిళ్ళు తెలగపిండి పెట్టాల. తర్వాత సెంటర్ దగ్గర లైన్. సెక్రటరీ ఒక్కో కాయలో ఫ్యాటు మిషను గుచ్చి చూస్తాడు, "ఏం పెద్దమ్మా, నీ టమోటాలో ఫ్యాటు నాలుగే ఉంది, నీళ్ళు కలిపినావా?" అంటాడు. "నేను కలపలేదు నాయనా, పోయిన వారం వాన కలిపింది" అంటుంది ఆమె. వెటర్నరీ డాక్టరు వారానికోసారి వచ్చి మొక్కకు సూది వేసిపోతాడు, చూలు నిలిచిందా లేదా అని మూడు నెలలకు చూస్తాడు. వట్టిపోయిన చెట్లను గురువారం సంతకు తోలతారు.

సరే, ఇంక ఎగతాళి పక్కన పెడతా.

పాల మోడల్ ఎందుకు నిలబడిందో ఒకసారి చూడండి. ఇంటికి ఒకటో రెండో ఎనుములు, పూటకు కొన్ని లీటర్లు, అది ఆరోజు అమ్మకపోతే విరిగిపోతుంది. దాచిపెట్టి ధర వచ్చినాక అమ్ముతా అనే అవకాశమే లేదు, అందుకే రైతు రెండు పూటలా సొసైటీకి రావాల్సిందే, ఇంట్లోకి డబ్బులూ వారం పది రోజులకొకసారి వస్తానే ఉంటాయి. ఇంకోటి, పాల ధర పెరిగిందని ఎవురూ రెండు నెలల్లో పాలను మూడింతలు చెయ్యలేరు. దూడ పుట్టాల, పెరగాల, ఈనాల, దానికి సంవత్సరాలు పడుతుంది.

టమోటా అట్ల కాదు. నారు నాటిన రెండు రెండున్నర నెలలకు కోత మొదలు. 2023 జూలైలో కిలో వంద దాటిందని టీవీలో చూసినాక, బోరులో ఇంచి నీళ్ళున్న ప్రతివాడూ ఏం పెట్టింటాడో మీరే చెప్పండి. అందరూ ఒకేసారి పెడతారు, అందరికీ ఒకేసారి కాస్తుంది, అందరూ ఒకే మార్కెట్టుకు తెస్తారు. పాలలో సమస్య విరిగిపోవడం. టమోటాలో కుళ్ళిపోవడం రెండో సమస్య, అసలు సమస్య అందరూ ఒకే ధర చూసి ఒకేసారి నాటడం. కోల్డ్ రూము కట్టినా కాయకు కొన్ని వారాలు ఆయుష్షు పెరుగుతుంది అంతే, ఆ కొన్ని వారాలూ మార్కెట్టుకు సరుకు వస్తానే ఉంటుంది, అప్పుడు దాచిన కాయ ఎవురికమ్మాల?

ఇక్కడ బ్లేజరాయన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది, ప్రాసెసింగ్! అమూల్ పుట్టిన ఆనంద్‌లో పాలపొడి చేసినట్ల మనం పేస్టు చేద్దాం. బాగుంది, లెక్క వేద్దాం రాండి. చలికాలంలో పాలు ఎక్కువొచ్చి ఏం చెయ్యాల్నో తెలీనప్పుడు, ఎనుము పాలను పొడి చెయ్యడం కుదరదని అందరూ అంటాంటే హెచ్.ఎం. దలాయా అనే ఇంజినీరు చేసి చూపించినాడు, 1955లో ఆనంద్‌లో ఫ్యాక్టరీ పెట్టినారు. ఆ పొడిలో గొప్పతనం ఏందంటే ఎండాకాలం నీళ్ళు పోస్తే మళ్ళా పాలే. టీ తాగేవాడికి తేడా తెలీదు. అదే టమోటా పేస్టులో నీళ్ళు పోస్తే మళ్ళా టమోటా అవుతుందా? మన ఇండ్లలో పప్పులోకి, పచ్చడిలోకి కాయే కావాల. పేస్టు ఇంకొక సరుకు, దాన్ని కొనేవాడు ఇంకొకడు.

అదీ ఎంత ఖర్చుకు? మన సంతకాయలో వందకు తొంభై ఐదు వంతులు నీళ్ళే. ఫ్యాక్టరీ పేస్టులో ఘనపదార్థం దాదాపు 28 శాతం ఉండాల. అంటే కిలో పేస్టుకు దగ్గరదగ్గర ఆరు కిలోల కాయ. కిలో రెండు రూపాయలున్నప్పుడు కాయ ఖర్చు పన్నెండు రూపాయలు, ఫ్యాక్టరీ వానికి పండగ. అదే కాయ ముప్పై అయితే కాయ ఖర్చే నూట ఎనభై, కరెంటు, కూలీ, డబ్బా అన్నీ దాని పైన. అప్పుడు ఫ్యాక్టరీకి తాళం. పోనీ ముందే అగ్రిమెంటు చేసుకుని కిలో ఎనిమిదికి కొంటా అంటాడు, ధర ముప్పై ఉన్నరోజు ఏ రైతు ఎనిమిదికి తోలుతాడు? ధర రెండున్నరోజు ఏ ఫ్యాక్టరీవాడు ఎనిమిది ఇస్తాడు? సంవత్సరంలో ఎన్ని నెలలు నడుస్తుందో తెలీని ఫ్యాక్టరీకి బ్యాంకు అప్పు ఎవురు కట్టాల, ఇది ఏ స్లైడులోనూ ఉండదు.

ఇదంతా నా సొంత తెలివి కాదులేండి, అనంతపురం జిల్లాలో బుడ్డలు, అదే వేరుశనగ, పండించినోళ్ళు ఎవురైనా చెప్తారు. ఆ ఎనుమును సాకిన అమూల్ మేనేజరు కురియన్ గారి పాడి అభివృద్ధి బోర్డు ఎన్‌డీడీబీనే 1979లో ఇదే మోడల్ను నూనెగింజలకు తెచ్చింది. ఊరూరా నూనెగింజల సంఘాలు, పైన ఫెడరేషన్లు, 1988లో ధార నూనె ప్యాకెట్లు. అదే సంస్థ, అదే మనుషులు, అదే నిజాయితీ. ఏమైంది? బుడ్డలు రోజూ రావు, సంవత్సరానికి ఒకసారి వస్తాయి, అదీ వాన దయుంటే. ఎండబెట్టి మూటలు కట్టి దాచుకోవచ్చు. ఇత్తనానికి, మందుకు అప్పిచ్చినోడికే పంట పోతుంది. బయట ధర ఎక్కువుంటే యాపారికి, తక్కువుంటే సంఘానికి. సంఘం గోడౌను నిండేది అందరూ వద్దన్న సరుకుతోనే, దాంట్లో డబ్బంతా ఇరుక్కుపోతుంది. దాని మీద 1994లో పామోలిన్ దిగుమతి ప్రైవేటు వాళ్ళకు తెరిచినారు, చవక నూనె వచ్చి పడింది. ధార పేరు అందరికీ తెలిసింది గానీ, పాల సొసైటీ నిలిచినట్ల బుడ్డల సంఘం నిలవలేదు. సృష్టికర్తకే కాలేదయ్యా, నీ ముప్పై స్లైడ్లకు అవుతుందా?

మోడల్ ఎత్తుకురావడమే తప్పు అనడంలేదు. మధురైలో వెంకటస్వామి గారు 1976లో పదకొండు మంచాలతో అరవింద్ కంటాసుపత్రి పెట్టి, మెక్‌డొనాల్డ్స్ నుంచి నేర్చుకున్నా అని చెప్పుకునేవాడు. బర్గర్లు తేలేదు. శుక్లం ఆపరేషన్‌లో అన్నిటికన్నా కొరత సర్జన్ చెయ్యి. అందుకే ఒక సర్జన్‌కు రెండు బల్లలు, ఒకరి ఆపరేషన్ అవుతాంటే పక్క బల్ల మీద ఇంకొకరు రెడీ, మిగతా పనంతా ట్రైనింగ్ ఇచ్చిన ఆడపిల్లలు చేస్తారు. ఆ ఆపరేషన్ ఒకరికీ ఇంకొకరికీ పెద్ద తేడా లేకుండా, మళ్ళా మళ్ళా అవే మెట్లలో జరిగేది కాబట్టి కుదిరింది. ఆయన ముందర తన కొరత యాడుందో చూసుకున్నాడు, తర్వాత ఎవురి దగ్గర దానికి మందుందో వెతుక్కున్నాడు. మనోళ్ళు మందుసీసా ముందర కొని, తర్వాత రోగిష్టోడి కోసం తిరుగుతాండారు.

ఇంక నాకు నిజంగా కడుపు మండేది ఇక్కడ. అమూల్ నుంచి టమోటాకు తెచ్చుకోదగినది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవురూ తేరు. సొసైటీలో పాలు పోస్తే కొలిచేది, ఫ్యాటు చూసేది రైతు కండ్ల ముందరే, అంకె చీటీ మీద పడుతుంది. మన మార్కెట్లలో? కుళ్ళు ఉంటుందని సూట్లు. ఇన్ని బాక్సులకు ఇన్ని సూట్లు అని ఊరికే పక్కకు తీసేస్తారు, అవి కుళ్ళినవి కూడా కావు, వాటినీ అమ్ముకుంటారు. దానిపైన కమీషన్, హమాలీ. రైతు అడిగితే "ఆచారం అన్నా" అంటారు. ఆచారమంట! ఎవుడి ఆచారంరా అది, ఎవుడు పెట్టినాడు? ఒక ఎలక్ట్రానిక్ కాటా, ఒక చీటీ, సూట్లు తీస్తే కేసు, దీనికి 500 కోట్లు కావాల్నా? దీనికి ఏ ఫ్యాక్టరీ కావాల? చేస్తే ఎవురికో కోపమొస్తుంది, అదొక్కటే అడ్డం.

అమూల్ పుట్టిందే ఆ కోపంలోంచి. పాలు కొనే గుత్తాధికారం పోల్సన్ కంపెనీకి ఇస్తే, 1946లో గుజరాత్‌లోని ఖేడా రైతులు పదిహేను రోజులు ఒక్క చుక్క పాలు పోయలేదు. త్రిభువన్‌దాస్ పటేల్ ఊరూరా తిరిగి నిలబెట్టిన సమ్మె అది, కురియన్ ఆనంద్‌కు వచ్చింది 1949లో, అంటే సమ్మె ముందర, మేనేజరు తర్వాత. ఆ హాల్లో స్లైడ్లలో పాలపొడి ఉంది, అట్టడబ్బాల మీద బొమ్మ ఉంది, ఎగుమతి ఉంది. ఆ పదిహేను రోజులు ఏ స్లైడులోనూ లేవు. ఎందుకు లేవంటే ఆ హాల్లో ముందర వరసలో కూర్చున్నది కమీషన్ ఏజెంట్లే, టీ బిస్కెట్లు కూడా వాళ్ళే పెట్టించినారు.