మిగిలింది ఐదు వేలు, పన్ను ఆరు వేలు: క్రిప్టో లెక్కలో తిరకాసు ఎక్కడ?

పర్లాకిమిడిలో జీడిపిక్కల వ్యాపారం చేసే ఒక కుటుంబానికి చాలా ఏళ్లుగా ఆదాయపు పన్ను రిటర్నులు నేనే వేసిపెడుతున్నాను. 2024-25 రిటర్ను సమయంలో ఆ ఇంటి అబ్బాయి ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చాడు. "మావయ్యా, క్రిప్టోలో నేను పెట్టింది రెండు లక్షల నలభై వేలు. వచ్చింది రెండు లక్షల నలభై ఐదు వేలు. మిగిలింది ఐదు వేలే కదా, దానికి ఆరు వేల పైచిలుకు పన్నేంటి?" అన్నాడు. పక్కనే కూర్చున్న వాళ్ల నాన్న, "వాడి లెక్క తప్పా బావా, నీ లెక్క తప్పా?" అని అడిగాడు.

రెండూ తప్పు కాదు. వాడిది వ్యాపారి లెక్క, నాది చట్టం లెక్క. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడ పుడుతుందో చూడాలంటే వాడి లావాదేవీల్లోకి దిగాలి. అంకెలు గుండ్రంగా చేసి, ఫీజులు పక్కన పెట్టి చెబుతున్నాను.

2024 ఏప్రిల్‌లో ఇథీరియం అనే క్రిప్టో కాయిన్ ఒక అర 1,40,000 రూపాయలకు కొన్నాడు. సెప్టెంబరులో ధర పడితే మరో అర 1,00,000కు కొన్నాడు. డిసెంబరులో ధర లేచినప్పుడు అర అమ్మితే 1,60,000 వచ్చింది. మార్చిలో ధర మళ్లీ కూలింది. కంగారుపడి మిగిలిన అర 85,000కు వదిలించుకున్నాడు.

డిసెంబరులో అమ్మిన అర ఏది? ఏప్రిల్‌దా, సెప్టెంబరుదా? కాయిన్ మీద ముద్ర ఏమీ ఉండదు. ముందు కొన్నది ముందు అమ్మినట్టు లెక్కేస్తే, అంటే ఫిఫో పద్ధతిలో, డిసెంబరు లాభం 20,000, మార్చి నష్టం 15,000. రెండు కొనుగోళ్లనూ కలిపి సగటు ధర తీస్తే అర కాయిన్‌కు ఖరీదు 1,20,000 పడుతుంది. అప్పుడు డిసెంబరు లాభం 40,000, మార్చి నష్టం 35,000. సెప్టెంబరులో కొన్నదే డిసెంబరులో అమ్మాను అంటే లాభం 60,000, నష్టం 55,000. ఏ దారిన వెళ్లినా చివరికి మిగిలేది ఆ ఐదు వేలే.

షేర్లయినా, జీడిపిక్కలయినా కథ ఇక్కడితో అయిపోయేది. క్రిప్టోకు అలా కుదరదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 115 బీబీహెచ్ సెక్షన్ లాభం మీద 30 శాతం పన్ను వేస్తుంది, దాని మీద 4 శాతం సెస్సు. నష్టాన్ని మాత్రం దేనితోనూ సర్దనివ్వదు, తర్వాతి ఏడాదికి మోసుకెళ్లనివ్వదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో బిల్లు పెట్టినప్పుడు, చట్టంలోని "మరే ఇతర" నిబంధన కింద వచ్చే ఆదాయంతోనూ నష్టం సర్దకూడదని రాశారు. అంటే జీతంతోనో అద్దెతోనో సర్దలేకపోయినా, ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంతో సర్దుకోవచ్చేమోనని చాలామంది ఆశపడ్డారు. మార్చిలో సవరణ తెచ్చి "ఇతర" అన్న ఆ ఒక్క మాట తీసేశారు. దాంతో ఆ సందు కూడా మూసుకుపోయింది.

ఇప్పుడు మా వాడి లెక్క మళ్లీ చూడండి. మార్చి నష్టం లెక్కలోకి రాదు కాబట్టి డిసెంబరు లాభం మీదే పన్ను. ఫిఫో అయితే 6,240 రూపాయలు. సగటు అయితే 12,480. మూడో దారి అయితే 18,720. కాయిన్లు అవే, తేదీలు అవే, బ్యాంకుకు వచ్చిన డబ్బూ అదే. ఏ అరను ముందు అమ్మినట్టు రాసుకున్నామన్న దాన్నిబట్టి పన్ను మూడింతలయింది.

చాలామంది ఆడిటర్లు కూడా పట్టించుకోని సంగతి ఇదే. మామూలు ఆస్తుల విషయంలో ఫిఫోనా, సగటా అన్నది ఎక్కువగా పన్ను ఏ ఏడాది పడుతుందన్న ప్రశ్న. ఈ ఏడు ఎక్కువ లాభం చూపిస్తే వచ్చే ఏడు తగ్గుతుంది, మొత్తం మీద సరిపోతుంది. నష్టం ఆవిరైపోయే చోట అలా సరిపోదు. ఒక అమ్మకంలో ఎక్కువగా చూపిన లాభం ఇంకో అమ్మకంలో నష్టంగా తిరిగొస్తుంది, ఆ నష్టానికి విలువ సున్నా.

వాళ్ల నాన్నకు ఇది అర్థమయ్యింది గాని మింగుడుపడలేదు. ఆయన పల్లెల్లో సీజన్ పొడవునా రకరకాల ధరలకు జీడిపిక్కలు కొని, గోదాములో కలిపేసి, పలాసకు పంపుతాడు. ఒక లారీ మీద పోయినా ఇంకో లారీ మీద వస్తుంది, ఏడాది చివర మిగిలిందానికే పన్ను. "ఒక్కో బస్తాకూ విడిగా పన్నేస్తే మేం ఎప్పుడో దుకాణం మూసేవాళ్లం" అన్నాడు. కొడుకు వ్యాపారానికి చట్టం చేస్తున్నది సరిగ్గా ఆ బస్తా లెక్కే.

మరి ఏ పద్ధతి వాడాలని చట్టం చెబుతోంది? ఏమీ చెప్పదు. డీమ్యాట్ షేర్లకు 45(2ఏ) సెక్షన్‌లో ముందు వచ్చింది ముందు పోయినట్టు లెక్కించాలని స్పష్టంగా ఉంది. క్రిప్టోకు అలాంటి వాక్యం రాయలేదు. కొన్న ఖరీదు తప్ప ఇంకే ఖర్చూ తీసెయ్యడానికి లేదని మాత్రం రాశారు. అమ్మేటప్పుడు యాప్ తీసుకునే ఫీజు కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. ఖరీదు ఒక్కటే మినహాయింపు అని చెప్పి, ఆ ఖరీదు ఎలా తేల్చాలో చెప్పకపోవడం నా దృష్టిలో చిన్న లోపం కాదు. నేను మా వాడికి ఫిఫో వాడాను. పన్ను తగ్గిందని మాత్రమే కాదు, షేర్లకు చట్టమే ఒప్పుకున్న పద్ధతి కాబట్టి అధికారి అడిగితే సమాధానం ఉంటుంది. ముందు చౌకగా, తర్వాత ఖరీదుగా కొన్నవాళ్లకు ఇదే ఫిఫో ఎదురు తిరుగుతుంది. అయినా ఏటికో పద్ధతి మార్చడం కంటే అదే మేలు. మారిస్తే ఒకే కొనుగోలు ఖరీదును రెండు అమ్మకాల్లో వాడేసే ప్రమాదం ఉంది.

మా వాడి కాగితాల్లో ఇంకో మెలిక కూడా ఉంది. జనవరిలో మిగిలిన అర కాయిన్‌ను ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మార్చుకున్నాడు. సొంత వ్యాలెట్ నుంచి సొంత వ్యాలెట్‌కు మార్చుకోవడం అమ్మకం కాదు, దానికి పన్ను లేదు. కానీ రెండో యాప్‌కు ఆ కాయిన్ ఎంతకు కొన్నాడో తెలియదు. అది ఇచ్చిన ట్యాక్స్ రిపోర్టులో కొన్న ధర సున్నా, లాభం 85,000 అని ఉంది. కళ్లు మూసుకుని అది ఎక్కించి ఉంటే, లక్షకు కొని నష్టానికి అమ్మినదాని మీద 26,520 రూపాయలు కట్టేవాడు. ఈ తప్పు పట్టుకోవడం తేలికే. అన్ని యాప్‌లలో కొన్నదంతా కూడి, అందులోంచి అమ్మినదంతా తీసేస్తే చేతిలో ఉన్న కాయిన్లతో సరిపోవాలి. రెండో యాప్ రిపోర్టు ఒక్కటే చూస్తే అమ్మకం ఉంటుంది, కొనుగోలు ఉండదు. అదే గుర్తు.

కాయిన్ ఇచ్చి కాయిన్ తీసుకున్నా అమ్మినట్టే లెక్క. రూపాయి చేతికి రాలేదు కదా అని చాలామంది అనుకుంటారు. ఆస్తి బదిలీకి ఆదాయపు పన్ను చట్టం ఇచ్చిన నిర్వచనంలో మార్పిడి కూడా ఉంది, 115 బీబీహెచ్ ఆ నిర్వచనాన్నే తెచ్చుకుంది. కాబట్టి బిట్‌కాయిన్ ఇచ్చి యూఎస్‌డీటీ తీసుకున్న రోజున బిట్‌కాయిన్ అమ్మకం పూర్తవుతుంది. ఆ రోజు రూపాయి విలువే అమ్మిన ధర, అదే కొత్తగా వచ్చిన యూఎస్‌డీటీకి కొన్న ధర. ఆ రోజు ధర రాసి పెట్టుకోకపోతే రెండు లెక్కలూ ఒకేసారి చెడతాయి.

ఇదంతా ఎవరు చూస్తారులే అనుకునే కాలం పోయింది. 2022 జూలై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ ఉంది. మా వాడి రెండు అమ్మకాల మీదా కలిపి 2,450 కోసుకున్నారు, ఆ వివరం వాడి పాన్ మీద శాఖ తయారుచేసే వార్షిక సమాచార నివేదికలో, అంటే ఏఐఎస్‌లో, కనబడుతోంది. శాఖకు అక్కడ కనిపించేది అమ్మిన మొత్తం 2,45,000. కొన్న ధర కనిపించదు, అది చూపించాల్సింది మనమే. వాడు అనుకున్నట్టు రిటర్నులో "లాభం 5,000" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే నోటీసు రావడానికి ఆ తేడా చాలు. ఐటీఆర్-1 ఫారంలో క్రిప్టో చూపించే చోటే లేదు. ఐటీఆర్-2లోనో 3లోనో, క్రిప్టోకు చట్టం పెట్టిన పేరుతో, షెడ్యూల్ వీడీఏ అని ఉంటుంది. ఒక్కో అమ్మకానికి ఒక్కో వరుస: కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, వచ్చిన మొత్తం, ఆదాయం. నష్టమైతే ఆదాయం గడిలో సున్నా వెయ్యమని అక్కడే రాసి ఉంటుంది.

ఆ వరుసల ఏర్పాటులోనే నాకు అన్నిటికంటే ఇబ్బందిగా తోచే చిక్కు ఉంది. మా వాడు రెండు అరలూ కలిపి ఒకే ఆర్డర్‌లో 2,40,000కు అమ్మాడనుకుందాం. పెట్టింది 2,40,000, వచ్చింది 2,40,000. లాభం లేదు. కానీ కొన్న తేదీలు రెండు కాబట్టి, రిపోర్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు వరుసలుగా విడగొడుతుంది. ఏప్రిల్ అర మీద 20,000 నష్టం, దానికి సున్నా. సెప్టెంబరు అర మీద 20,000 లాభం, దానికి 6,240 పన్ను. జరిగింది ఒకే అమ్మకం. చట్టంలోని మాట కూడా "బదిలీ వల్ల వచ్చిన నష్టం" అనే గాని "కొనుగోలు వల్ల వచ్చిన నష్టం" అని కాదు. అందుకే ఒకే ఆర్డర్‌లో పోయినదానికి రెండు ఖరీదులూ కలిపి ఒకే వరుసగా చూపించి, లోపలి వివరం విడిగా కాగితం మీద పెట్టుకోవడమే సరైనదని నా అభిప్రాయం. కొన్న తేదీ గడి ఒక్కటే ఉన్నందుకు లేని లాభానికి పన్ను కట్టమనడం న్యాయం కాదు.

ఇతర దేశాలు ఇందులో తడబడలేదని కాదు గాని, పద్ధతి రాసిపెట్టాయి. అమెరికాలో 2014 నుంచి క్రిప్టోను ఆస్తిగానే చూస్తున్నారు. ఏ కాయిన్ అమ్మారో రికార్డుతో చూపగలిగితే అదే ఖరీదు, లేకపోతే ఫిఫో. 2025 నుంచి ఒక్కో వ్యాలెట్‌కు విడివిడిగా లెక్కించాలి. బ్రిటన్‌లో ఒకే రకం కాయిన్లన్నీ ఒక కుప్పగా పోసి సగటు తీస్తారు, అదే రోజు గానీ 30 రోజుల్లోపు గానీ తిరిగి కొంటే దానికి వేరే నియమం. రెండు చోట్లా నష్టాన్ని లాభంతో సర్దుకోవచ్చు.

మన దగ్గర 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, 30 శాతం రేటు మారలేదు. రేటు తగ్గించమని నేను అడగడం లేదు. ఒకే కాయిన్ మీద ఒకే ఏడాదిలో వచ్చిన లాభనష్టాలను సర్దుకోనిస్తే చాలు, ఫిఫోనా సగటా అన్న గొడవ ఆ ఏడాది వరకు దానంతటదే తీరిపోతుంది. అది ఇష్టం లేకపోతే కనీసం షేర్లకు రాసిన వాక్యం లాంటిదే క్రిప్టోకూ ఒకటి రాయాలి.

మా వాడి రిటర్నులో రెండు వరుసలు వేశాం. మొదటిదాంట్లో 20,000, రెండోదాంట్లో సున్నా. టీడీఎస్ పోగా 3,790 కట్టాడు. డిసెంబరులోనే రెండూ అమ్మేసి ఉంటే ఎంత పడేదో లెక్కేసి చెప్పమని అడిగాడు. అప్పటి ధరకు రెండు అరల మీదా లాభమే: 20,000, 60,000, మొత్తం 80,000. పన్ను 24,960. చేతిలో 55,000 మిగిలేది. ఆ కాగితం వాడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.