బ్యాకప్ ఉన్నంత మాత్రాన డిలీట్ అబద్ధం కాదు

«చాట్ డిలీట్ చేశాం అని ఏ కంపెనీ చెప్పినా నమ్మకండి. 1. బ్యాకప్‌లో మీ చాట్ మొత్తం అట్లే ఉంటుంది, అందులోంచి ఒక్కరిది తీయడం ఎవరి వల్లా కాదు. 2. బ్యాకప్ ఎక్కించిన రోజు డిలీట్ అయినవన్నీ తిరిగొస్తాయి. 3. లాగ్స్‌లో కూడా ఉంటుంది, లాగ్ ముట్టుకుంటే ఆడిట్ చెడిపోతుంది, అందుకే దాన్ని ఎవరూ తీయరు.»

ఇది జనంలో తిరుగుతున్న ఒక మెసేజ్. అందులోని మూడు మాటల్లో రెండో దానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది మా దగ్గర నిజంగానే జరిగింది. తిరుపతికి వచ్చే యాత్రికులు గదుల కోసం, ట్యాక్సీల కోసం చాట్‌లో అడిగేవి చూసుకునే ఒక చిన్న సర్వీసులో నేను డేటాబేస్ పని చేస్తాను. పలమనేరు నుంచి ఒకామె వాళ్ళమ్మకు మోకాలి ఆపరేషన్ అయిందని, అలిపిరి దగ్గర మెట్లు ఎక్కే పని లేని గది కావాలని అడిగింది, ఆ మాటల మధ్యలోనే డాక్టరు చీటీ, ఇద్దరి ఆధార్ కార్డుల ఫొటోలు పంపింది. దర్శనం చేసుకుని ఊరికి వెళ్ళాక చాట్ మొత్తం తీసేయమంది. అకౌంటు మాత్రం ఉంచమంది, మళ్ళీ వస్తాం కదా అని. జూన్ 7 పొద్దున 11 గంటలకు ఆమె చాట్‌లోని 62 మెసేజ్‌లూ తీసేశాం, తీసేశామని ఆమెకు చెప్పాం.

అయితే 6వ తేదీ పగలు మేం నడిపిన ఒక స్క్రిప్టు పాత మెసేజ్‌లలో తెలుగు అక్షరాలన్నిటినీ ప్రశ్న గుర్తులుగా మార్చేసింది, అది 9న గానీ మా కంట పడలేదు. అందరికీ టెన్షన్. 6వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు తీసిన బ్యాకప్ కాపీలో మంచి అక్షరాలు ఉన్నాయి కాబట్టి అందులోంచి మెసేజ్‌లను వెనక్కి తెచ్చాం. తెచ్చిన పద్ధతి `INSERT ... ON CONFLICT DO UPDATE`. మెసేజ్ ఉంటే సరిదిద్దు, లేకపోతే కొత్తగా పెట్టు అని దాని అర్థం. ఆ «లేకపోతే» దగ్గరే దెబ్బ తగిలింది. 6వ తేదీ కాపీకి 7వ తేదీ డిలీట్ సంగతి తెలియదు, దాని దృష్టిలో ఆ 62 మెసేజ్‌లు పొరపాటున పోయినవే, అందుకని బుద్ధిగా తిరిగి పెట్టేసింది. అకౌంటు అలాగే ఉంది కాబట్టి డేటాబేస్ కూడా ఎక్కడా అడ్డు చెప్పలేదు. ఉత్త `UPDATE` వాడి ఉంటే సరిపోయేది.

10న ఆమె ఫోన్ చేసింది. «ఏం నాయనా, తీసేసినామని మెసేజ్ పెడితిరి, ఇప్పుడు చూస్తే మా అమ్మ ఆపరేషన్ సంగతంతా ఆడనే ఉండాదే» అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి తిరిగి రావడం అబద్ధం కాదు. కానీ అది బ్యాకప్ స్వభావం అనడమే తప్పు. డిలీట్ల చిట్టా లేకుండా బ్యాకప్ ఎక్కిస్తేనే తిరిగొస్తాయి. ఇప్పుడు మేం ఆ చిట్టాను డేటాబేస్ బయట, వేరే స్టోరేజీలో పెడుతున్నాం, ఎందుకంటే లోపలే ఉంటే డేటాబేస్ వెనక్కి వెళ్ళినప్పుడు చిట్టా కూడా దాంతోపాటే వెనక్కి వెళ్ళిపోతుంది. అందులో మాటలేవీ ఉండవు. అభ్యర్థన నంబరు, చాట్ నంబరు, ఏ సమయం వరకు ఉన్నవి తీయాలి, ఇంతే. ఆ సమయం తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే ఆమె వచ్చే నెల మళ్ళీ గది అడిగితే ఆ కొత్త మాటలు కూడా చెరిగిపోతాయి. మనిషి నంబరు కాకుండా చాట్ నంబరు పెట్టడానికి కూడా కారణం ఉంది: లాడ్జీ కౌంటరు నుంచి వెళ్ళిన జవాబుల్లో కూడా ఆమె పేరు, వాళ్ళమ్మ మోకాలు ఉన్నాయి, ఆమె పంపినవి మాత్రమే తీస్తే సగం కథ మిగిలే ఉంటుంది.

ఏ కాపీ ఎక్కించినా, యాప్‌ను జనానికి తెరవకముందే ఆ చిట్టాను లోపలికి తెచ్చి ఇది నడుపుతాం:

```sql
DELETE FROM messages m
USING erasure_ledger e
WHERE m.conversation_id = e.conversation_id
  AND m.created_at <= e.cutoff_at;
```

దీన్ని పదిసార్లు నడిపినా నష్టం లేదు, తీసేసినవే మళ్ళీ తీస్తుంది. తర్వాత అదే షరతుతో ఎన్ని మిగిలాయో లెక్కిస్తాం, సున్నా రాకపోతే యాప్ తెరుచుకోదు. ఇందులో వరస ముఖ్యం. ముందు చిట్టాలో రాయాలి, ఆ తర్వాతే తీయాలి. రాశాక మధ్యలో సర్వర్ పడిపోతే మళ్ళీ నడిపితే సరిపోతుంది, అదే ముందు తీసి రాసేలోపు పడిపోతే ఆ డిలీట్ జరిగిందన్న గుర్తు ఎక్కడా ఉండదు, తర్వాత కాపీ ఎక్కించిన రోజు పట్టుకునే దారీ ఉండదు. చిట్టా అన్నిటికన్నా పాత కాపీ కంటే ఎక్కువ కాలం బతకాలి, అది కూడా మరిచిపోకూడదు.

ఇక మొదటి మాట. కాపీలోంచి ఒక్కరిది తీయడం కుదరదన్న దాంట్లో సగం నిజం ఉంది. రాత్రి తీసిన కంప్రెస్డ్ ఫైలును విప్పి, 62 మెసేజ్‌లు తీసి మళ్ళీ కట్టడం మేం చేయం. చేయకూడదు కూడా, ఎందుకంటే చేయి పెట్టిన కాపీ రేపు సరిగ్గా ఎక్కుతుందన్న భరోసా పోతుంది, ఒకరి కోసం మిగతా అందరి చాట్‌లను పణంగా పెట్టినట్టు అవుతుంది. కానీ కాపీకి ఆయుష్షు ఉంటుంది, ఆ సంగతి ఈ మెసేజ్ రాసినవాళ్ళు చెప్పలేదు. మా దగ్గర 35 రోజులు. 7వ తేదీ తీసేసిన చాట్ ఉన్న ఆఖరి కాపీ ఆ రోజు తెల్లవారుజామున 2 గంటలది, మామూలుగా అయితే అది జూలై 12న పోవాలి. ఆమె విషయంలో మా తప్పు వల్ల 9న అది తిరిగొచ్చి 10వ తేదీ కాపీలో కూడా పడింది, కాబట్టి లెక్క జూలై 15కు జరిగింది. ఆ తేదీనే ఆమెకు చెప్పాం. ఈ 35 రోజుల్లో ఆ కాపీ తాళం వేసిన చోట ఉంటుంది, దాన్ని తెరిచి ఎవరూ వాడరు, ఎక్కిస్తే మాత్రం పైన చెప్పిన చిట్టా దాటాకే లోపలికి వస్తుంది.

ఈ లెక్కను నిజంగా చెడగొట్టేది ఇంకొకటి. లెక్కలో లేని కాపీలు. మేం వెతికితే ఆఫీసు బీరువాలో ఒక హార్డ్ డిస్క్ దొరికింది, ఎప్పుడో ఎవరో ముందు జాగ్రత్తగా తీసి పెట్టిన పూర్తి కాపీ అది, దానికి ఆయుష్షే లేదు. ఫొటోల స్టోరేజీలో వెర్షనింగ్ ఆన్‌లో ఉంది, అంటే డిలీట్ అన్నా పైన ఒక గుర్తు మాత్రమే పడుతుంది, పాత వెర్షన్ కింద అలాగే ఉంటుంది. ఆమె ఆధార్ ఫొటోలు చాట్‌లో తెరుచుకోవు గానీ కింద ఉన్నాయి. డిస్క్‌ను చెరిపేశాం, పాత వెర్షన్లకు గడువు పెట్టాం. ఈ మెసేజ్ రాసినవాళ్ళు ఇలాంటి చోట్లను వేలెత్తి చూపి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి.

35 రోజులు కూడా ఆగలేని డేటా ఉంటే దానికీ దారి ఉంది. ప్రతి చాట్‌కు ఒక వేరే తాళంచెవి తయారుచేసి ఆ చాట్‌ను దానితో ఎన్‌క్రిప్ట్ చేసి పెడతారు. డిలీట్ అంటే ఆ తాళంచెవిని నాశనం చేయడమే, పాత కాపీల్లో మిగిలేది ఎవరూ చదవలేని గజిబిజి. తాళంచెవులను చాట్‌ల కాపీలోనే పెడితే మాత్రం ప్రయోజనం సున్నా, వాటిని వేరే చోట, తక్కువ రోజుల కాపీలతో ఉంచాలి. మేం దీన్ని గుర్తింపు కార్డుల ఫొటోలకే వాడుతున్నాం, మాటలకు కాదు. ఎన్‌క్రిప్ట్ చేస్తే డేటాబేస్ లోపల మాటల్లో వెతకడం కుదరదు, పైగా తాళంచెవుల పట్టిక ఒక్కటి పోతే అందరి చాట్‌లూ పోయినట్టే.

మూడోది, లాగ్స్, అంటే సిస్టమ్‌లో ఏం జరిగిందో ఎప్పటికప్పుడు పడే నమోదులు. లాగ్ ఉంచాలన్నది నిజమే, 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్స్ 180 రోజులు ఉంచాలి. కానీ ఆమె వాళ్ళమ్మ మోకాలి గురించి లాగ్‌లో రాయమని ఆ ఆదేశాల్లో ఎక్కడా లేదు. అది అక్కడికి చేరడం మా అజాగ్రత్త. వెతికితే ఇలాంటి సొంత సంగతులు రెండు చోట్ల కనపడ్డాయి. వెతుకులాట పేజీ వెబ్ అడ్రసులోనే ఫోన్ నంబరు వెళ్తోంది, అడ్రసు మొత్తం వెబ్ సర్వర్ లాగ్‌లో పడుతుంది. రెండోది నేను అస్సలు ఊహించనిది: మా డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో నెమ్మదిగా నడిచిన క్వెరీలను రాయమని `log_min_duration_statement` పెట్టుకున్నాం, రద్దీ రోజుల్లో మెసేజ్ సేవ్ చేయడమే నెమ్మదించి, ఆ క్వెరీతో పాటు మెసేజ్ పాఠం కూడా లాగ్‌లోకి ఎక్కింది. `log_parameter_max_length = 0` పెడితే విలువలు విడిగా వెళ్ళే క్వెరీల్లో అది ఆగుతుంది.

ఇప్పుడు మా ఆడిట్ లాగ్‌లో ఉండేది «117వ అభ్యర్థన మీద 48213 చాట్‌లో 62 మెసేజ్‌లు తీసేశాం, ఫలానా సమయం» అన్న వాక్యం మాత్రమే. లాగ్ ఒక్కటే చూసినవాళ్ళకు ఆ నంబరు ఏ మనిషిదో తెలియదు. ఆడిట్ చెడిపోలేదు, ఇంకా గట్టిపడింది, తీసేసిన పని కూడా అందులో ఉంది కాబట్టి. ఫోన్ నంబరును హ్యాష్ చేసి, అంటే వెనక్కి మార్చలేని కోడ్‌గా మార్చి, లాగ్‌లో పెడితే చాలదా అని ఒక మిత్రుడు అడిగాడు. చాలదు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు, అన్నీ కలిపినా 400 కోట్లే, ఒక గేమింగ్ గ్రాఫిక్స్ కార్డుకు వాటన్నిటికీ మామూలు హ్యాష్ కట్టి పోల్చడానికి నిమిషం కూడా పట్టదు.

ఇదంతా పనిచేస్తోందని ఎట్లా తెలుస్తుందంటే, నెలకొకసారి ఒక ఉత్తుత్తి చాట్‌లో ఎక్కడా ఉండని మాట ఒకటి పెట్టి, మర్నాడు డిలీట్ చేసి, అంతకుముందు తీసిన కాపీని వేరే మిషన్‌లో ఎక్కించి, చిట్టా నడిపి, ఆ మాట కోసం డేటాబేస్‌లో, లాగ్స్‌లో వెతుకుతాం.

```bash
pg_dump restored_db | grep -c "zqtpty7319"
zgrep -c "zqtpty7319" /var/log/app/*
```

ఆ మాట తెలుగులో పెట్టకండి. మేం మొదట తెలుగు మాటే పెట్టాం, లాగ్స్‌లో సున్నా వచ్చింది, సంబరపడ్డాం. తర్వాత చూస్తే యాప్ లాగ్‌లో తెలుగు అక్షరాలన్నీ `\u0c24` లాంటి రూపంలో పడుతున్నాయి, మాట అక్కడే ఉంది, మా వెతుకులాటకు దొరకలేదంతే.

ఇప్పుడు డిలీట్ అడిగినవాళ్ళకు మేం పంపే జవాబు ఇది: «మీ చాట్ ఈరోజు తీసేశాం, ఇక మాకూ లాడ్జీకీ కనపడదు. రాత్రి కాపీల్లో ఇంకా 35 రోజులు ఉంటుంది, ఫలానా తేదీన అది కూడా పోతుంది. ఈలోపు కాపీ ఎక్కించాల్సి వస్తే మీది మళ్ళీ తీసేశాకే యాప్ తెరుస్తాం. తీసేశామన్న నమోదు మాత్రం ఉంటుంది, అందులో మీ పేరూ ఫోన్ నంబరూ మాటలూ ఉండవు.»