మొక్కకు కాదు, మే నెలకు బడ్జెట్ వేయండి

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, ఆ బాధ్యత సర్పంచ్, కార్యదర్శులదని చెబుతోంది. నిబంధన మంచిదే. కానీ రోడ్ల పక్కన నాటే మొక్కల అంచనాలను నాటే రోజుతో ముగిస్తే ఆ 85 శాతం కాగితం మీదే మిగులుతుంది.

ఒక కిలోమీటరు రోడ్డునే తీసుకుందాం. రెండు వైపులా అయిదు మీటర్లకొకటి చొప్పున 400 మొక్కలు పడతాయి. ధరలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే. అదనంగా 40 కలిపి 440 మొక్కలు రవాణాతో సహా 17,600, గుంతలు 16,000, ఎరువు, ఊతకర్ర, నాటే కూలి 20,000. నాటిన రోజుకు అయ్యేది 53,600 రూపాయలు. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది.

మొక్కకు తడికి 20 లీటర్లు అనుకుంటే 400 మొక్కలకు 8,000 లీటర్లు కావాలి. నాలుగు వేల లీటర్ల ట్యాంకర్ రెండు ట్రిప్పులు తిరగాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా వారానికో తడి, ఏప్రిల్ నుంచి జూన్ పదో తేదీ దాకా వారానికి రెండేసి తడులు పెడితే మొత్తం 37 తడులు, 74 ట్రిప్పులు. ట్రిప్పుకు 700 చొప్పున 51,800 రూపాయలు. రెండో ఎండాకాలానికీ ఇంతే కావాలి. ముళ్లకంప కంచెకు ఏటా 16,000, బతికిన మొక్కల లెక్కింపునకు ఏటా 6,000 కలిపితే రెండేళ్ల ఖర్చు రెండు లక్షలు దాటుతుంది. అందులో నాటే రోజు వాటా నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ట్యాంకర్ బిల్లులో 37 ట్రిప్పులే కనిపిస్తే ఒక్కో మొక్కకు పది లీటర్లే అందినట్టు. రిజిస్టర్ చూసి ఎవరైనా చెప్పగల సంగతి ఇది.

నీళ్లు పోసినంత మాత్రాన వేరుకు అందినట్టు కాదు. పాదు లేని చోట ట్యాంకర్ పైపు వదిలితే నీళ్లు రోడ్డు మీదికి పారతాయి, మట్టి కొట్టుకుపోతుంది. మర్నాడు పాదు అంచున జానెడు లోతు తవ్వి చూస్తే, పైన తడిగా, కింద పొడిగా ఉందా లేదా తేలిపోతుంది.

గుంతల దగ్గర జరిగే మోసం కంటికి కనబడదు. 45 సెంటీమీటర్ల ఘనపు గుంతలో సుమారు 91 లీటర్ల మట్టి పడుతుంది, 30 సెంటీమీటర్ల గుంతలో 27 లీటర్లే. పైనుంచి చూస్తే తేడా పెద్దగా తెలియదు. కాబట్టి గుర్తులు పెట్టిన కర్రతో కొలిచాకే కూలి చెల్లించాలి. మొరం నేలలో 60 సెంటీమీటర్లు తవ్వడం మేలు. మే నెలలోనే తవ్వి, పైమట్టి ఒక పక్క, కిందిమట్టి ఒక పక్క పోయించాలి. నాటేటప్పుడు పైమట్టినే ఎరువుతో కలిపి వేరు చుట్టూ వేయాలి. చచ్చిన మొక్కను పీకి చూస్తే వేర్లు ఇంకా సంచి ఆకారంలోనే చుట్టుకుని ఉండటం కనిపిస్తుంది. కవరు తీయకుండానే పెట్టారనో, నర్సరీలోనే వేర్లు మెలిపడ్డాయనో దానర్థం. అటువంటి మొక్కకు ఎన్ని నీళ్లు పోసినా వృథాయే.

ఇనుప ట్రీగార్డులు ఊరి మధ్య సరిపోతాయి, కిలోమీటరు రోడ్డుకు వాటి ధర మోయలేం. సర్కారు తుమ్మ కంప చాలు. అయితే చెదలు పట్టి సంక్రాంతికల్లా కూలుతుంది, మళ్లీ కట్టాలి. ఒక్క పూట మేకలు పడ్డా చిగురు పోతుంది.

మా అభ్యంతరమంతా లెక్కింపు మీదే. 400 నాటారు. జనవరికి 90 ఎండిపోయాయి, వాటిలో 70 చోట్ల కొత్తవి పెట్టారు. మే చివర 330 పచ్చగా ఉన్నాయి, వాటిలో 45 కొత్తవి. 330ని 400తో భాగించి 82.5 శాతం బతికాయని రాస్తారు. మొదట నాటిన వాటిలో బతికినవి 285 మాత్రమే, అంటే 71 శాతం. ఎప్పటికీ మారని వరస సంఖ్యను ప్రతి గుంతకూ ఇచ్చి, కొత్త మొక్క పెట్టిన తేదీని పక్కనే రాస్తే ఈ తికమక ఉండదు. ఆకు రాలినంత మాత్రాన చచ్చినట్టు రాయకూడదు, గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా ఉన్నది బతికినట్టే.

అక్టోబరు, జనవరి, మే చివర, మళ్లీ అక్టోబరు, ఈ నాలుగుసార్లు లెక్కించాలి. 85 శాతం రాకపోతే ఎవరిపై చర్య తీసుకుంటారో వారి చేతే లెక్క రాయించడం సరికాదు. పొరుగు పంచాయతీ కార్యదర్శిని పంపించాలి, ఆయన దారి ఖర్చులు ఆ 6,000లోనే ఉన్నాయి. గుత్తకిచ్చిన చోట బిల్లులో మూడో వంతును ఆపి, మే లెక్క చూశాకే విడుదల చేయాలి. చచ్చినచోట కారణం రాయించాలి: నీరా, మేకా, వేరా, గుంతా. ఆ పట్టీ చేతిలో ఉంటే జూన్‌లో తిరిగి నాటేందుకు ఎన్ని మొక్కలు, ఎంత కంప, ఎన్ని ట్యాంకర్లు కావాలో అంచనా వేసుకోవచ్చు.