ఖ అని కొడితే ఖర్చు రావాలి, ఇంకోటి వచ్చింది

మా ఫ్రెండ్ ఒకాయన కథ రాసి చదవమని పంపాడు. జగిత్యాల దిక్కు ఊరి మనిషి, దుబాయ్ సోనాపూర్ క్యాంపులో ఉంటాడు, ఇంటికి ఒక చిన్న యాప్‌లో తెలుగులో మెసేజ్‌లు కొడుతుంటాడు, ఆ యాప్‌లో టైప్ చేస్తుంటే రాబోయే మాటని ముందే డబ్బాల్లో చూపించే హెల్పర్ ఉంటది, అది మెల్లగా ఇతని మాట నేర్చుకుంటది. ఇతను పోయింది కూడా హెల్పర్ వీసా మీదనే, అంటే కథలో ఇద్దరు హెల్పర్లు అన్నమాట, మావోడు అది గమనించినట్టు లేదు.

ఫోన్ చేయకుండా టైప్ ఎందుకు చేస్తాడు అని అడగొచ్చు. యూఏఈలో వాట్సాప్‌లో మెసేజ్ పోతది కానీ కాల్ కలవదు. వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు, కానీ రూములో ఎనిమిది మంది, పెళ్లాంతో మాట్లాడేది పై మంచం మీదోడు కూడా వింటడు. అందుకే టైపింగ్. ఇక్కడిదాకా కథ గట్టిగా ఉంది.

తర్వాతే తేడా కొట్టింది. హెల్పర్ ఇతని బాధ 'అర్థం చేసుకుని' ఓదార్పు మాటలు అందిస్తదట. అంత చిన్న యాప్, చవక ఫోన్‌లో నెట్ లేకుండా నడిచేది, చేసేది లెక్క పెట్టడమే. దాంట్లో రెండు లెక్కలుంటాయి. ఒకటి కంపెనీ ముందే పెట్టి పంపిన లెక్క, అది ఎక్కువగా పేపర్ల తెలుగు, వెబ్‌సైట్ల తెలుగు చూసి కట్టింది. రెండోది ఇతను కొట్టిన మాటల లెక్క. మొదట్లో "మంచిగున్న" అని కొడితే తప్పు అనుకుని "బాగున్నాను" చూపిస్తది, ఇతను వద్దని తనదే పెడతాడు, ఇట్లా పది ఇరవై సార్లు అయ్యాక రెండో లెక్క బరువు పెరిగి "మంచిగున్న" ముందుకొస్తది. అలవాటు పడడమంటే ఇంతే. ఇంకో సంగతి, అది పంపిన మాటలనే లెక్కేస్తది, కొట్టి చెరిపేసినవి లెక్కలోకి రావు. ఇతను రోజూ "నడుము నొస్తుంది" అని కొట్టి చెరిపేసి "తిన్న, మంచిగున్న" పంపుతుంటే హెల్పర్‌కి తెలిసేది ఆ రెండో మాటే. అంటే మనిషి బాధ కాదు, ఇంటికి చెప్పే అబద్ధాన్ని నేర్చుకుంటది. నడుము పట్టేసి పనికి పోని రోజు కూడా "తి" అనగానే "తిన్న", ఆ వెనకే "మంచిగున్న" అని తయారుగా పెడతది. నాకైతే ఓదార్పు కంటే ఇదే భయంగా అనిపించింది.

నేను మావోడికి చెప్పిన మార్పు ఇంకోటి ఉంది. కథ 2024 సెప్టెంబర్‌లో పెట్టు అన్నా. అప్పుడు యూఏఈ ఆమ్నెస్టీ ఇచ్చింది, సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా, వీసా అయిపోయి ఉండిపోయినోళ్లు రోజుకి 50 దిర్హాముల ఫైన్ లేకుండా వెళ్లిపోవచ్చు. మన హీరో కంపెనీ నుంచి బయటపడి ఖల్లివెల్లి అయ్యాడు, అంటే కాగితాల్లేకుండా బయట దొరికిన పని చేసుకుంటున్నాడు, ఇంట్లో చెప్పలేదు. ఆమ్నెస్టీ గురించి షార్జాలో ఉన్న దోస్తుతో వారం రోజులు ఇదే మాట, ఖల్లివెల్లి అనే మాట పద్నాలుగు సార్లు పడింది అనుకుందాం. ఇంటికి మామూలుగా వాడే "ఖర్చులకు" అంతకుముందు మూడు నెలల్లో తొమ్మిది సార్లు. పైగా ఇట్లాంటి యాప్‌లు చాలావరకు ఈమధ్య వాడిన మాటకి ఎక్కువ బరువు ఇస్తాయి. ఇక భార్యకి "ఈ నెల ఖ" అని కొట్టగానే మొదటి డబ్బాలో ఏముంటదో తెలిసిపోయింది కదా. బొటనవేలికి మొదటి డబ్బా నొక్కడం అలవాటు, చూడకుండా నొక్కి పంపేశాడు: "ఈ నెల ఖల్లివెల్లి పైసలు ఆగి పంపుత."

దోస్తుకి వేరే లెక్క, భార్యకి వేరే లెక్క పెడితే ఇది జరగదు కదా అని మావోడు వాదించాడు. పెట్టొచ్చు, కానీ అప్పుడు ఒక్కొక్కరి దగ్గర మళ్లీ సున్నా నుంచి నేర్చుకోవాలి, నెలకోసారి మెసేజ్ పెట్టే బాపు దగ్గర "మంచిగున్న" నేర్వడానికే ఏళ్లు పడతది, అందుకే చిన్న యాప్‌లో అన్నీ ఒకే కుప్పలో వేసుకుంటారు.

కొత్త డ్రాఫ్ట్‌లో ఈ సీన్ పెట్టాడు, బానే వచ్చింది, కానీ భార్యతో "ఖల్లివెల్లి అంటే ఏంది?" అని అడిగించాడు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోలే. జగిత్యాల దిక్కు ఊళ్లలో వాడకో గల్ఫ్ మనిషి, ఆమెకి ఆ మాట తెలియకపోవడమేంది! దాన్ని కొట్టేసి రెండే మాటలు రాయమన్నా.

"ఎప్పటి సంది?"